ఈ ఫోటో ఎక్కడిదో చెప్పగలరా?

2018 జూలైలో ఒక వీడియో ఆఫ్రికా అంతటా ఫోన్లలో తిరిగింది. సైనిక దుస్తుల్లో ఉన్న కొందరు ఇద్దరు స్త్రీలను, ఒక చిన్నపిల్లను, తల్లి వీపున ఉన్న పసికందును మట్టిదారి వెంట నడిపించుకెళ్లి కాల్చి చంపిన దృశ్యం అది. కామెరూన్ సైనికులే చేశారని కొందరన్నారు. ఆ దేశ ప్రభుత్వం మాత్రం వీడియో బూటకమని కొట్టిపారేసింది. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు అన్నది తేలితే తప్ప ఎవరి మాట నిజమో తేలదు. బీబీసీ ఆఫ్రికా విభాగం పాత్రికేయులు, వాళ్లతో కలిసి పనిచేసిన స్వతంత్ర పరిశోధకులు ఆ పని మీద కూర్చున్నారు.

వాళ్ల చేతిలో ఉన్న పెద్ద ఆధారం వీడియో మొదటి క్షణాల్లో కనిపించే కొండల వరస. కొండ అంచు ఆకాశం మీద గీసే గీత ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి, ఉపగ్రహ చిత్రాల మీద అలాంటి గీత ఎక్కడుందో వెతకసాగారు. ఉత్తర కామెరూన్ నిండా కొండలే. గంటలకు గంటలు గడిచినా సరిపోలే చోటు దొరకలేదు. జూలై చివర్లో కామెరూన్‌లోని ఒక మనిషి నుంచి చిన్న మాట వచ్చింది: జెలెవెట్ దగ్గర చూశారా? చూశారు. కొండల గీత సరిపోయింది. ఆ తర్వాత దారి, ఇళ్లు, చెట్లు ఒక్కొక్కటే కలిశాయి.

ఆ మనిషి వీడియో విశ్లేషించలేదు, అక్షాంశ రేఖాంశాలూ చెప్పలేదు. ఒక ఊరి పేరు మాత్రం చెప్పాడు. అంత పెద్ద ప్రాంతంలో వెతకాల్సిన పని కొన్ని కిలోమీటర్లకు తగ్గింది. ఫోటోలో చోటు పోల్చే పని గురించి బయటివాళ్లకు ఉండే అపోహ ఇక్కడే బయటపడుతుంది. గద్దచూపు ఉన్నవాళ్లెవరో ఫోటో చూడగానే చెప్పేస్తారని అనుకుంటాం. నిజానికి ఎక్కడ వెతకాలో తెలియనప్పుడు ఎంత మంచి కన్నైనా ఓడిపోతుంది. ఆ ‘ఎక్కడ’ అన్నది చాలాసార్లు ఫోటోలో ఉండదు, ఫోటో పంపినవాళ్ల దగ్గర ఉంటుంది. వాళ్లేమో దాన్ని చెప్పదగ్గ విషయం అనుకోరు.

తాతయ్య పెట్టెలో దొరికిన నలుపు తెలుపు ఫోటో, రంగూన్ నుంచి తిరిగొచ్చిన ముత్తాత దిగిన బొమ్మ, నాన్న ఉద్యోగం చేసిన ఊళ్లో ఎవరో తీసిన చిత్రం. ‘ఇది ఎక్కడో చెప్పగలరా’ అంటూ ఇలాంటివి పంపేవాళ్లు ఇప్పుడు చాలామంది. ఎక్కువమంది ఫోటో పెట్టి ఊరుకుంటారు. దానికి తోడు నాలుగు వాక్యాలు రాస్తే పని ఎంత మారుతుందో చూద్దాం.

అన్నిటికంటే ముందు తేదీ. ఫోటో ఎక్కడిదో అడుగుతుంటే ఎప్పటిదో ఎందుకు అని అనిపించవచ్చు. కానీ ఫోటోలోని ప్రతి ఆనవాలుకూ ఒక కాలం ఉంటుంది. వీధిలో ఆగి ఉన్న కారు నంబరు ఏపీ 09 అని కనిపించిందనుకోండి. ఫోటో 2008 నాటిదైతే అది హైదరాబాద్‌లో రిజిస్టరైన బండి, కాబట్టి ఆ వీధి హైదరాబాద్‌లోదయ్యే అవకాశం గట్టిగానే ఉంది. అదే ఫోటో 2018 నాటిదని తెలియక, పైన ఏపీ అని ఉంది కదా అని ఆంధ్రప్రదేశ్‌లో వెతికితే దారి తప్పినట్టే. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక కొత్త బండ్లకు టీఎస్ వచ్చింది గానీ, పాత ఏపీ పలకలతో తిరిగే బండ్లు హైదరాబాద్ రోడ్ల మీద అలాగే ఉన్నాయి. 2024 నుంచి కొత్తవాటికి టీజీ. అటు ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే ఏపీ 39 వరస రావడంతో, అంకెను బట్టి జిల్లా చెప్పే పాత పద్ధతి కొత్త బండ్ల విషయంలో పనికిరాకుండా పోయింది. పలక మీది అక్షరాలు అవే అయినా, ఏడు మారితే అర్థం మారిపోతుంది.

ఊరి పేర్లూ జిల్లాలూ అంతే. ‘పశ్చిమ గోదావరి జిల్లాలో తీసింది’ అని ఫోటో వెనక రాసి ఉంటే, అది 2022కు ముందు రాసిందా తర్వాతదా అన్నది ముఖ్యం. ఆ ఏడాది ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు, అప్పటిదాకా పశ్చిమ గోదావరిలో ఉన్న కొవ్వూరు తూర్పు గోదావరిలోకి వెళ్లింది. పాత రాతను కొత్త పటం మీద పెట్టి వెతికేవాడికి కొవ్వూరు తట్టనే తట్టదు.

తేదీతో నెల, వేళ కూడా తెలిస్తే నీడలు మాట్లాడతాయి. రాజమండ్రి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం నిలబడితే నీడ ఉత్తరానికి పడుతుంది, ఆరడుగుల మనిషికి దాదాపు ఐదడుగుల నీడ. జూన్‌లో అదే వేళకు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి చిన్న నీడ దక్షిణం వైపు పడుతుంది. ఫోటోలో మధ్యాహ్నపు నీడ చూసి ‘అటు ఉత్తరం’ అనాలంటే నెల తెలియాలి. తెలియకపోతే దిక్కు తిరగబడి, వీధిలో ఎడమ పక్క ఇల్లు కుడి పక్కకు పోతుంది. కామెరూన్ వీడియో విషయంలో పరిశోధకులు ఇదే లెక్కను మరోవైపు నుంచి చేశారు. చోటు ముందు తేలింది కాబట్టి, నీడల కోణాన్ని పట్టుకుని కాలం వైపు వెళ్లారు. దానికి ఉపగ్రహ చిత్రాల్లో ఏ ఏడు ఏ గోడ ఉంది, ఏది లేదు అన్నది జోడించి, 2015 మార్చి 20కీ ఏప్రిల్ 5కీ మధ్య జరిగిందని తేల్చారు. ఆ దేశ ప్రభుత్వం చివరికి సైనికులను అరెస్టు చేసింది. 2020లో నలుగురికి పదేళ్ల చొప్పున జైలుశిక్ష పడింది.

అయితే కచ్చితమైన తేదీ అందరి దగ్గరా ఉండదు, ఉండాల్సిన పనీ లేదు. ‘1985–90 మధ్య, అక్క పెళ్లి తర్వాత, తమ్ముడు పుట్టకముందు’ అన్నా మంచి తేదీయే. దానికి రెండు కొసలున్నాయి, ఒక్కో కొసకూ ఆధారం ఉంది. ‘పాత ఫోటో’ అనడంలో ఆ రెండూ లేవు.

తేదీ తర్వాత మూలం. ఫోటో ఎక్కడి నుంచి వచ్చింది, ఎన్ని చేతులు మారింది. 2015 ఏప్రిల్లో నేపాల్ భూకంపం వచ్చినప్పుడు ఒక చిత్రం ప్రపంచమంతా తిరిగింది: భయంతో బిక్కచచ్చిన రెండేళ్ల చెల్లెలిని హత్తుకుని ఓదారుస్తున్న చిన్నారి అన్న. భూకంపంలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలని రాసి పంచుకున్నారు. నిజానికి అది 2007లో వియత్నాం ఉత్తర కొండల్లోని హాజాంగ్ రాష్ట్రంలో ఒక వియత్నామీ ఫోటోగ్రాఫర్ తీసింది. పిల్లలు ఇంటి ముందు ఆడుకుంటుంటే, కొత్త మనిషిని చూసి చెల్లెలు ఏడ్చింది, అంతే. ఆ ఫోటోను నేపాల్‌దనుకుని కాట్మండూ చుట్టూ వెతికేవాడికి ఏమి దొరుకుతుంది? ‘వాట్సాప్‌లో నేపాల్ భూకంపం అని వచ్చింది, ఎవరు తీశారో తెలియదు’ అని నిజాయితీగా రాస్తే వెతికేవాడు ముందు ఆ ఫోటో అంతకుముందు ఎక్కడైనా కనిపించిందా అని చూస్తాడు. ‘నేపాల్ ఫోటో’ అని రాస్తే ఆ పని వదిలేసి తప్పు దేశంలో తిరుగుతాడు.

డిజిటల్ ఫోటో అయితే మూలం కొంతవరకు ఫైలు పేరులోనే ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో కెమెరాతో తీసిన ఫోటోకు `IMG_20190714_173212.jpg` లాంటి పేరు వస్తుంది. 2019 జూలై 14, సాయంత్రం 5 గంటల 32 నిమిషాల 12 సెకన్లకు తీసినట్టు. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో పేరు `IMG-20240115-WA0003.jpg` లా ఉంటుంది. అందులో కనిపించే తేదీ ఫోటో తీసిన రోజు కాదు, వాట్సాప్‌లో చేతులు మారిన రోజు. ఈ రెంటినీ ఒకటే అనుకుని 1970ల నాటి పెళ్లి ఫోటో ‘2024 జనవరి’ అని రాసేవాళ్లు ఉన్నారు. వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి, కెమెరా దాచుకున్న సమయం, చోటు లాంటి వివరాలను తీసేస్తుంది. అదే ఫోటోను ‘డాక్యుమెంట్’గా పంపితే అవి చెక్కుచెదరవు. కాబట్టి పంపేవాళ్లు ఏ రూపంలో తమకు వచ్చిందో చెబితే, ఏ తేదీని నమ్మాలో ఎదుటివాళ్లకు తెలుస్తుంది. కెమెరాలో గడియారం సరిచేయకుండా వాడిన రోజులూ ఉన్నాయి. ఆ కాలపు ఫోటోల మూలన నారింజ రంగులో పడే తేదీని తలూపి నమ్మేయకూడదు.

కాగితం ఫోటో అయితే వెనక పక్కను కూడా తీసి పంపాలి. అక్కడ స్టూడియో ముద్ర ఉండొచ్చు, పెన్సిల్‌తో రాసిన నంబరు ఉండొచ్చు. ఆల్బంలో దాని ముందు వెనక ఏ ఫోటోలున్నాయో చెప్పాలి. నెగటివ్ దొరికితే మరీ మంచిది, అంచున ఉండే ఫ్రేము నంబర్లు ప్రయాణం ఏ వరసలో సాగిందో చెబుతాయి. పదకొండో ఫ్రేములో అన్నవరం మెట్లు గుర్తుపట్టగలిగితే, పన్నెండో ఫ్రేములోని ఊరూపేరూ లేని సత్రం ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. స్కాన్ చేసేటప్పుడు నెగటివ్ తిరగబడే ప్రమాదం కూడా ఉంది. బోర్డు మీద అక్షరాలుంటే వెంటనే పట్టుబడుతుంది. లేకపోతే చొక్కా జేబు చూడాలి, మామూలుగా అది ఎడమ రొమ్ము మీద ఉంటుంది. మన వైపు ఆడవాళ్ల పైట ఎడమ భుజం మీద ఉంటుంది. ఫోటోలో అందరి జేబులూ, పైటలూ కుడి పక్కన ఉంటే మనుషులు కాదు, ఫోటోయే తిరగబడింది. పంపేవాళ్లు ‘నెగటివ్ నుంచి స్కాన్ చేశాను’ అని ఒక్క మాట రాస్తే ఈ అనుమానం ముందే వస్తుంది.

మూడోది, ఇంట్లో తెలిసిన సంగతులు. తిరకాసు అంతా ఇక్కడే ఉంది. ఇంట్లోవాళ్లు గట్టిగా చెప్పేవన్నీ ఒకే బరువున్న మాటలు కావు. కొన్ని కళ్లారా చూసినవి, కొన్ని అమ్మమ్మ చెప్పగా విన్నవి, కొన్ని ఫోటో చూసి తర్వాత అల్లుకున్నవి. వీటన్నిటినీ కలిపి ఒకే గొంతుతో చెప్పేస్తే, వెతికేవాడు అల్లుకున్న మాటను పట్టుకుని కూర్చుంటాడు.

ఇలా పట్టుకుని దశాబ్దాలు కూర్చున్న ఉదాహరణ ఒకటి ఫోటోగ్రఫీ చరిత్రలోనే ఉంది. స్పెయిన్ అంతర్యుద్ధంలో రాబర్ట్ కాపా తీసిన, తూటా తగిలి వెనక్కి ఒరుగుతున్న సైనికుడి ఫోటో 1936 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లోని ‘వూ’ పత్రికలో వచ్చింది. అది సెర్రో మురియానో అనే చోట తీసిందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఆ మాట మీదే ఆధారపడి, ఆ రోజు అక్కడ చనిపోయిన ఒక సైనికుడి పేరు కూడా ఫోటోలోని మనిషికి తగిలించారు. 2009లో స్పెయిన్‌కు చెందిన పరిశోధకుడు హోసే మాన్యుయల్ సుస్పెర్రెగి అదే వరసలో తీసిన వేరే ఫోటోల్లో వెనకాల కనిపించే కొండలను పరిశీలించి, అవి అక్కడికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని ఎస్పెహో దగ్గరి కొండలని చూపించారు. చోటు మారితే పేరూ కదిలింది, కథంతా కదిలింది. ప్రసిద్ధమైన ఆ ఒక్క ఫోటోలో కొండలు అంతగా పట్టుబడవు. పక్క ఫ్రేములుండబట్టే పని జరిగింది. ఇంట్లో ఒకే చోట తీసిన ఫోటోలు ఐదుంటే, ‘బాగా వచ్చిన’ ఒక్కటే పంపడం ఎంత నష్టమో దీన్ని బట్టి తెలుస్తుంది. మసకగా వచ్చినదాంట్లోనే కొండ కనిపించవచ్చు.

ఇప్పుడు ఒక ఫోటోను ఊహించుకుని మొదటినుంచీ చూద్దాం. రంగుల ఫోటో. నది ఒడ్డున మెట్ల మీద నిలబడ్డ భార్యాభర్తలు, తండ్రి భుజాల మీద ఒక పిల్లాడు. వాళ్ల వెనక నీళ్లు, దూరంగా వంతెన. పంపినవాళ్లు ‘ఈ రేవు ఎక్కడో చెప్పండి’ అని రాసి ఊరుకుంటే, వెతికేవాడికి దేశంలోని నదులన్నీ గుర్తొస్తాయి. ‘గోదావరి పుష్కరాలకు రాజమండ్రి వెళ్లినప్పుడు’ అని రాస్తే ఒక్కసారిగా ఆరేడు కిలోమీటర్ల ఒడ్డు మిగులుతుంది. ఇంతవరకు బాగుంది, కానీ ఏ పుష్కరాలు? పన్నెండేళ్లకోసారి వచ్చేవి, 1979, 1991, 2003, 2015. నానమ్మ 1991 అంటుంది.

వంతెనను చూద్దాం. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900లో రైళ్లకు తెరిచిన హేవలాక్ వంతెన ఉంది. పైన రోడ్డు, కింద రైలు ఉన్న ఉక్కు వంతెన 1974లో వచ్చింది. వరసగా విల్లుల్లా కాంక్రీటు కమానులున్న మూడో వంతెనను 1990ల్లో కట్టి 1997 నాటికి పూర్తి చేశారు, హేవలాక్ మీద రైళ్లు అప్పుడే ఆగిపోయాయి. ఫోటోలో కమానులు ఒడ్డు నుంచి ఒడ్డుదాకా స్పష్టంగా ఉన్నాయి. అంటే 1991 కుదరదు. నానమ్మ అబద్ధం చెప్పలేదు, రెండు పుష్కరాలకూ వెళ్లి ఉంటుంది, జ్ఞాపకంలో అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. భుజాల మీది పిల్లాడు 1998లో పుట్టాడని బడి రికార్డులో ఉంటే ఐదేళ్లవాడు, 2003కు సరిపోతాడు. వెనక నీళ్లు ఎర్రగా మట్టిరంగులో ఉన్నాయా అన్నది మరో పరీక్ష. 2003 పుష్కరాలు జూలై చివర్లో మొదలై ఆగస్టులో ముగిశాయి, అది వరద కాలం. నీళ్లు తేటగా ఉండి మధ్యలో ఇసుక తిన్నెలు కనిపిస్తుంటే అది పుష్కరాలప్పటి ఫోటో కాకపోవచ్చు, మామూలు ప్రయాణం కావచ్చు.

ఇక మిగిలింది ఏ ఒడ్డు. ఇక్కడే ‘పొద్దున్నే స్నానాలయ్యాక తీశారు’ అన్న చిన్న వాక్యం చాలా పని చేస్తుంది. రాజమండ్రి నదికి తూర్పున ఉంది, కొవ్వూరు పడమటి ఒడ్డున. రాజమండ్రి ఒడ్డున నదికి వీపు పెట్టి నిలబడితే ముఖం తూర్పుకు ఉంటుంది, పొద్దుటి ఎండ ముఖాల మీద పడాలి. ఫోటోలో మాత్రం ముఖాలు నల్లబడి, జుట్టు అంచులు మెరుస్తున్నాయి, నీళ్ల మీద ఎండ తళుక్కుమంటోంది. సూర్యుడు వాళ్ల వెనక, నది మీద ఉన్నాడు. పొద్దున్న అది కొవ్వూరు వైపు మాత్రమే సాధ్యం. ‘రాజమండ్రి వెళ్లాం’ అని ఇంట్లో చెప్పుకునే ప్రయాణంలో జనం రద్దీ చూసి అవతలి ఒడ్డున గోష్పాద క్షేత్రం దగ్గర మునిగినవాళ్లు ఎంతమంది ఉండి ఉంటారో. ఆ ‘పొద్దున్నే’ అన్న మాట ఎవరు చెప్పారన్నది మళ్లీ ముఖ్యం. ఫోటో తీసిన బాబాయి చెబితే ఒక బరువు, అప్పటికి పుట్టని మనవరాలు చెబితే ఇంకో బరువు. వేళ తప్పై అది సాయంత్రమైతే, అదే వెలుగు రాజమండ్రి ఒడ్డుకు సరిపోతుంది.

ఇదంతా పంపాలంటే వ్యాసం రాయక్కర్లేదు. ఇలా రాస్తే చాలు:

‘గోదావరి పుష్కరాలకు వెళ్లినప్పుడు తీసిన ఫోటో. తీసింది మా బాబాయి, పొద్దున స్నానం తర్వాత తీశానని ఆయనే చెప్పారు. నానమ్మ 1991 అంటోంది, కచ్చితంగా తెలియదు. భుజాల మీద ఉన్న అన్నయ్య 1998లో పుట్టాడు, ఇది బడి సర్టిఫికెట్లో ఉంది. రాజమండ్రి అని ఇంట్లో అంటారు, ఏ రేవో ఎవరికీ గుర్తులేదు. కాగితం ఫోటోను ఫోన్‌తో తీశాను, అంచులు కత్తిరించలేదు. వెనక పక్క, ఆ రోజే తీసిన ఇంకో రెండు ఫోటోలు జతచేశాను. పుష్కర ఘాట్ ఫోటోలతో పోల్చి చూశాను, మెట్లు కలవలేదు.’

చివరి వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. తాము ఏమి వెతికి ఎక్కడ ఆగారో చెప్పకపోతే, వచ్చినవాళ్లంతా మళ్లీ పుష్కర ఘాట్ దగ్గరే మొదలుపెడతారు. అయితే ‘పుష్కర ఘాట్ కాదు’ అని తీర్పు చెప్పడం వేరు, ‘ఇప్పటి ఫోటోలతో పోలిస్తే మెట్లు కలవలేదు’ అని చెప్పడం వేరు. పుష్కరాలకు పుష్కరాలకు మధ్య ఘాట్లు బాగుచేస్తారు, మెట్లు మారతాయి. రెండో పద్ధతిలో చెబితే, ఆ కొట్టివేతను కూడా ఇంకొకరు పరీక్షించగలుగుతారు.

పంపకూడనివి కూడా ఉన్నాయి. 2019లో జపాన్‌లో ఒక యువ గాయని పెట్టిన సెల్ఫీలో ఆమె కంటిపాపలో ప్రతిఫలించిన రైల్వే స్టేషన్‌ను పోల్చి, ఆమె ఇంటిదాకా వెంబడించి దాడి చేసిన మనిషిని పోలీసులు అరెస్టు చేశారు. చోటు పోల్చే నేర్పు అతనికీ ఉంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ఫోటో చూడగానే ఎందుకు అడుగుతున్నారని అడుగుతారు. బతికున్న మనిషి ఇటీవలి ఫోటో పెట్టి, కారణం చెప్పకుండా ‘ఈ అమ్మాయి ఎక్కడుందో’ అంటే జవాబు రాదు, రాకూడదు కూడా. తప్పిపోయినవాళ్ల సంగతైతే అది పోలీసులకు చేరాలి, నలుగురిలో పెట్టేది కాదు. పాత కుటుంబ ఫోటో విషయంలోనూ ఇప్పటి ఇంటి చిరునామా, పిల్లల పూర్తి పేర్లు ఎవరికీ అక్కర్లేదు. పై ఉత్తరంలో అన్నయ్య పుట్టిన ఏడు ఉంది, పేరు లేదు. వెతికేవాళ్లకు కావలసింది ఆ ఏడే. ముఖాలను కప్పి పంపినా మెట్లూ, నీళ్లూ, కమానులూ అలాగే కనిపిస్తాయి. కాకపోతే కప్పింది తామేనని చెప్పాలి, ఎండ ముఖాల మీద పడిందో లేదో మాటల్లో రాయాలి.